రాగి జావలో మాత్ర

కౌన్సెలర్ అంటే హెడ్మాస్టరు లాంటి మనిషని వెంకటలక్ష్మి నమ్మకం. కొడుకును ఎదురుగా నిలబెట్టి, నాలుగు దులిపి, దేవుడి పటం మీద చెయ్యి వేయించి, ఇంక ముట్టనని ప్రమాణం చేయించి ఇంటికి పంపుతారని అనుకుంది. అందుకే ఈసారి ప్రొద్దుటూరులో బస్సెక్కేటప్పుడే వెంకటేశ్వరస్వామి చిన్న పటం ఒకటి సంచీలో సర్దుకుంది. శనివారం పొద్దున కొండాపూర్‌లో పళ్ళ డాక్టరు క్లినిక్కు పైన, రెండో అంతస్తులో, చెప్పులు విప్పి కుర్చీలో కూర్చున్నప్పుడు కూడా ఆ సంచీ ఒళ్ళోనే ఉంది.

పక్కన కోడలు భార్గవి. ఆ పక్కన యశ్వంత్, ఫోన్లో తలదూర్చి. గచ్చిబౌలిలో పదిమందికి టీమ్ లీడ్ అతను. మూడేళ్ళుగా తాగుతున్నాడు, ఏడాదిగా రోజూ తాగుతున్నాడు. ఈ ఆరు రోజులు మాత్రం చుక్క ముట్టలేదు. భార్గవికి ఆ ఆరు రోజులు పోయిన ప్రాణం లేచొచ్చినట్టున్నాయి. ఆ ఆరూ ఏడు కావాలి, ఏడు డెబ్భై కావాలి. ఆమెకు ఈ లోకంలో ఇంకేమీ అక్కర్లేదు.

ఇక్కడికి అతన్ని ఎవరూ లాక్కురాలేదు. అతనే నంబరు వెతికి, అతనే ఫోను చేసి టైము తీసుకున్నాడు. మూడు వారాల కిందట మొదలైంది ఆ మార్పు. రెండు పెగ్గులు పడగానే ముఖం కందిపోవడం, గుండె దడదడలాడటం, కడుపులో ఉన్నదంతా కక్కేయడం. భయపడి తగ్గించినా, తాగినప్పుడల్లా అదే. పోయిన ఆదివారం మరీ ఘోరం. బాత్రూములో కూలబడి, ఊపిరి అందక, పెదాలు తెల్లబడి, భార్గవి చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆస్పత్రిలో ఈసీజీ తీశారు. గుండెపోటు కాదన్నారు, బీపీ బాగా పడిపోయిందన్నారు, తాగుడు మానేసి వచ్చి పరీక్షలు చేయించుకోమన్నారు. యశ్వంత్‌కు ఆ మాటల్లో మొదటిది చెవికెక్కలేదు. సంక్రాంతి సెలవుల తర్వాత వాళ్ళ ఆఫీసులో సాయిచంద్ అనే కుర్రాడు, ముప్పై నాలుగేళ్ళవాడు, కుర్చీలోంచి పక్కకు ఒరిగి మళ్ళీ లేవలేదు. తన వంతు కూడా వచ్చేసిందని యశ్వంత్ తీర్మానించుకున్నాడు. ఆ తెల్లవారి భార్గవి ఒళ్ళో తల పెట్టుకుని చంటిపిల్లాడిలా ఏడ్చాడు. తనకు బతకాలని ఉందన్నాడు. పాపను చూసుకోవాలన్నాడు.

అతని గుండెకు ఏ రోగమూ లేదని భార్గవికి తెలుసు. పాడు మాత్ర ఒకటుంది. తెల్లది, రుచి లేనిది. రోజూ పొద్దున అతను తాగే రాగి జావలో, మజ్జిగ పోసి, చిటికెడు ఉప్పేసి, ఆ మాత్రను పొడి చేసి కలుపుతోంది ఆమె. అది ఒంట్లో ఉన్న మనిషి మందు తాగితే ఒళ్ళు తిరగబడుతుంది.

ఇది వెంకటలక్ష్మి తెచ్చిన తెలివి. ప్రొద్దుటూరులో వాళ్ళ వీధి చివర మందుల షాపతను ఎవరికో ఇలాగే ఇప్పించి మాన్పించాడట. చీటీ అడగలేదు, గీటీ అడగలేదు, కాగితంలో చుట్టి ఇచ్చేశాడు. వాడికి చెప్పొద్దు, చెప్తే తాగడు అని కోడలి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. మొదటిసారి అతను కక్కుకున్న రోజు భార్గవి వణికిపోతే, అత్త మొహం వెలిగిపోయింది. "చూసినావా, పని చేస్తాండాది" అంది. ఆస్పత్రిలో డాక్టరు ఏమైనా మందులు వాడుతున్నారా అని అడిగితే భార్గవి లేదని అడ్డంగా తలూపింది. ఆ తలూపు గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు తన మీద తనకే అసహ్యం వేస్తోంది. అయినా సరే, ఈ శనివారం పొద్దున కూడా కలిపింది. ఎందుకంటే పని చేస్తోంది కదా.

కౌన్సెలర్ పేరు రేణుక. నలభై దాటిన మనిషి, కాటన్ చీర, కళ్ళజోడు. కరీంనగర్ యాస ఇంకా నాలుక మీదే ఉంది. ముందు ముగ్గురినీ కలిపి కూర్చోబెట్టింది. ఇవాళ మొదటి రోజు కాబట్టి ఎవరినీ తిట్టడానికీ, ఒట్లు వేయించుకోవడానికీ కాదని చెప్పింది. ముందు యశ్వంత్‌తో ఒంటరిగా మాట్లాడుతుందట. అతను చెప్పినవి తల్లికైనా భార్యకైనా చెప్పదట, అతను ఒప్పుకుంటే తప్ప. ప్రాణానికి ముప్పు అనిపించే విషయమైతే మాత్రం దాచిపెట్టదట. మందులు రాసేది తను కాదు, పైన సైకియాట్రిస్టు ఉంటాడు, అవసరమైతే ఇవాళే చూపిద్దామంది.

వెంకటలక్ష్మికి ఇదంతా చుట్టుతిరుగుడుగా తోచింది. ఎన్ని సిట్టింగుల్లో మానతాడని అడిగింది. అది చెప్పలేనని రేణుక అంది. ఒక్కోసారి మానినవాళ్ళు కూడా మళ్ళీ తాగుతారని, అలా జరిగితే అంతా అయిపోయిందని ఇంట్లోవాళ్ళు అనుకోవద్దని, మళ్ళీ తీసుకురావాలని చెప్పింది. వెంకటలక్ష్మి సంచీలోంచి పటం తీసి బల్ల మీద పెట్టింది. "వాని చేత దీని మింద చెయ్యి పెట్టించమ్మా. వాడు నా మాట వినడు, నువ్వు పెద్ద చదువు చదివినావు" అంది. రేణుక పటాన్ని రెండు చేతులా తీసి ఆమెకే ఇచ్చేసింది. ఒట్టేసిన మనిషి తాగితే, ఆ సంగతి దాచడానికి ఇంకో పది అబద్ధాలాడతాడని, అప్పుడు తన దగ్గరికి రావడం మానేస్తాడని మెల్లగా చెప్పింది. వెంకటలక్ష్మి మొహం గంటు పెట్టుకుంది.

తర్వాత యశ్వంత్ లోపల ముప్పావుగంట ఉన్నాడు. తలుపు వెనక నుంచి ఒక్క మాట వినబడలేదు. అంతసేపూ అత్త గొణుగుతూనే ఉంది, ఇంట్లో సంగతులు పరాయిదాని ముందు పరుస్తున్నాడని. భార్గవి గోడ మీది కాగితం పదేపదే చదివింది. తాగుడు హఠాత్తుగా ఆపితే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, ఫిట్స్ రావడం, లేనివి కనబడటం జరగొచ్చని, అప్పుడు ఇంట్లో పెట్టుకోకుండా ఆస్పత్రికి తేవాలని రాసుంది. మొదటి మూడు నాలుగు రోజులు అతనికి చేతులు వణికాయి. చలి అనుకుని దుప్పటి కప్పింది. ఇంకేమీ కాకపోవడం తన అదృష్టమని ఇప్పుడు తెలిసింది.

అతను బయటికి వచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కానీ భుజాలు తేలికపడ్డట్టున్నాయి. ఇంట్లోవాళ్ళతో మాట్లాడమని అతనే ఒప్పుకున్నాడట. నీళ్ళు తాగి, పాప ఎక్కడుందో ఫోన్ చేసి కనుక్కుంటానని మెట్ల దగ్గరికి వెళ్ళాడు. వెళ్తూ భార్గవి భుజం మీద చెయ్యి వేశాడు. ఏడాది తర్వాత వేసిన చెయ్యి అది.

లోపల రేణుక వరసగా అడుగుతూ పోయింది. తాగి కొట్టాడా, పాప ముందు గొడవలవుతాయా, చచ్చిపోతానని ఎప్పుడైనా అన్నాడా, బండి నడిపాడా. భార్గవి ఉన్నదున్నట్టు చెప్పింది. రేణుక కాగితం మీద రాసుకుంటూ, అందరినీ అడిగే మాటే అన్నట్టు, తల ఎత్తకుండానే అడిగింది.

"ఆయనకు తెల్వకుండ ఏమన్న మందు గిట్ల ఇచ్చిండ్రా? పొడి, పసరు, మాత్ర?"

"అయ్యో, అట్లాంటివి మాకు తెలీవమ్మా" అంది వెంకటలక్ష్మి, ఊపిరి కూడా తిప్పుకోకుండా.

భార్గవి తల దించుకుంది.  రేణుక కలం ఆపింది, తల ఎత్తి ఆమెనే చూసింది. ఎందుకు అడుగుతున్నానో చెబుతా వినండి అంది. తాగుడు మాన్పించే మాత్రను తెలిసి వేసుకునేవాళ్ళకు కూడా డాక్టరు ముందు లివరు పరీక్ష, గుండె పరీక్ష చేయిస్తాడట. కొన్నాళ్ళు తాగుడు మానేశాకే, మనిషి సంతకం పెట్టాకే మొదలుపెడతాడట. తాగుతున్న మనిషికి చాటుగా వేస్తే ప్రాణం పోయినవాళ్ళున్నారట. అలా వేసి ఉంటే, ఈ వారం ఏమీ కానిది అతను తాగలేదు కాబట్టి. రేపు ఏ బాధలోనో ఒక్క పెగ్గు ఎక్కువ వేసుకుంటే, ఆ రోజు ఎవరూ పక్కన లేకపోతే?

అత్త చెయ్యి బల్ల కింద భార్గవి మోకాలి మీద పడి గట్టిగా నొక్కింది. భార్గవికి బాత్రూము నేల మీద తెల్లబడ్డ పెదాలు కనబడ్డాయి. చెప్పేసింది. మాత్ర, మజ్జిగ, జావ, ఇరవై రెండు రోజులు, ఈ రోజు పొద్దున కూడా. 

రేణుక తిట్టలేదు. తిడితే బాగుండేది. మాత్ర పేరు అడిగింది, భార్గవి ఫోన్లో ఉన్న ఫోటో చూసింది, పైన డాక్టరుకు ఫోన్ చేసి వివరాలు చెప్పి, ఈ రోజే చూస్తాడా అని కనుక్కుంది. ఫోన్ పెట్టేసి, ఈ సంగతి యశ్వంత్‌కు చెప్పాలంది.

"మేడమ్, వద్దు" అంది భార్గవి. "రేపటి నుంచి నేను ఆపేస్తా. మా పాప మీద ఒట్టు, ఆపేస్తా. ఆయనకు మాత్రం చెప్పొద్దు. గుండె పోతుందన్న భయంతోనే ఆయన ఇక్కడికొచ్చాడు. ఆ భయం ఒక్కటే ఉంది మాకు."

"తెలుసమ్మా."

"తెలిసి కూడా చెప్తారా?"

"మీరు ఇయ్యాల ఆపినా అది ఒంట్లకెల్లి పోవడానికి రెండు వారాలు పడుతది. ఆ రెండు వారాలల్ల ఆయన తాగితే, ఎందుకు పడిపోయిండో ఆయనకే తెల్వదు, దవాఖానల వాళ్ళకూ తెల్వదు. ఆయన ప్రాణం మీద నన్ను పందెం కాయమంటున్నరు. నేను కాయను. మీ నోటితోనే చెప్పుండ్రి, నేను పక్కనే ఉంట."

యశ్వంత్ లోపలికి వచ్చి కూర్చున్నాడు. ముఖంలో ఇంకా ఆ తేలికదనం ఉంది. భార్గవి అతని పాదాల వంక చూస్తూ చెప్పింది. నాలుగు వాక్యాలు కూడా పట్టలేదు. మూడు వారాల పాపం చెప్పడానికి అర నిమిషం చాలింది.

 అతను అరచెయ్యి ఛాతీ మీద పెట్టుకుని, లోపల ఏదో వింటున్నట్టు ఉండిపోయి, నవ్వాడు. నవ్వు ఆగలేదు. కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

"అంటే నా గుండె బాగుంది" అన్నాడు. "నాకు ఏ రోగమూ లేదు."

పరీక్షలు కాకుండా అలా అనుకోవద్దని రేణుక అంది. అతను వినిపించుకునే స్థితిలో లేడు. ఉరికంబం ఎక్కి దిగివచ్చిన మనిషి మొహం అది. భార్గవి ఆ మొహం చూసింది, తను కోరుకున్నదంతా ఆ నవ్వులో కొట్టుకుపోతోందని చూస్తూ చూస్తూనే అర్థం చేసుకుంది. నవ్వు ఆగాక అతను ఆమె వైపు తిరిగాడు.

"నా తల నీ ఒళ్ళోనే పెట్టుకోని ఏడిస్తి కదా. అప్పుడన్నా నోరు రాలేదా నీకు? మంచి సినిమా చూసినావు ఫ్రీగా." గొంతు తగ్గించి అడిగాడు. "పాపకేమన్నా కలుపుతాండావా? అల్లరి చేస్తాదని?"

 భార్గవి సాయం కోసం అత్త వైపు చూసింది. ఆ పెద్దమనిషి సంచీ గుండెకు హత్తుకుని, కొడుకు మొహం ఒకసారి చదువుకుని, ఏ గట్టున ఉండాలో తేల్చుకుంది.

"నాకేం తెలుసు నాయనా. ఇట్లాంటి మాత్రలుంటాయంట అని ఎప్పుడో మాటవరసకు అనింటి. ఈమె నిజంగానే పోస్తాదని నేనేమన్నా కల గన్నానా?"

 మాత్ర తెచ్చింది అత్తేనని భార్గవి చెప్పి ప్రయోజనం? పోసిన చెయ్యి తనదే.

ఎవరు తెచ్చారు, ఎవరు కలిపారు అన్న పంచాయితీ ఈ గదిలో పెట్టుకోనని రేణుక కటువుగానే అంది. ఇవాళ ముఖ్యం, అతను క్షేమంగా ఉండటం. యశ్వంత్‌కు కోపం రావడం న్యాయమేనంది. నమ్మకం పోయిందని, దాన్ని ఎవరూ తక్కువ చేసి మాట్లాడకూడదంది. అయితే లోపల ఆ ముప్పావుగంటలో అతను చెప్పుకున్న సంగతులన్నీ ఆ మాత్ర వల్ల వచ్చినవి కావని, ఆలోచించుకోమని కూడా అంది. వాటిని ఆమె పైకి చెప్పలేదు. అతనూ చెప్పలేదు. ఫోన్ తీసి ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"ఒంట్లో ఎన్ని రోజులుంటాది అది?"

"పద్నాలుగు దినాల దాకా ఉండొచ్చు. అన్ని రోజులు చుక్క కూడ ముట్టొద్దు. దగ్గు మందుల కూడ కొన్నిట్ల ఆల్కహాల్ ఉంటది, చూసి తాగాలె. ఛాతీల నొప్పొచ్చినా, ఊపిరి ఆడకపోయినా సీదా దవాఖానకు పోవాలె, ఈ మాత్ర సంగతి ఆళ్ళకు చెప్పాలె."

అతను బుద్ధిగా తలూపాడు. ఫోన్లో ఏదో తేదీ పెట్టుకున్నాడు. వచ్చే శనివారానికి టైము ఇస్తే సరేనన్నాడు. పైకి వెళ్ళి డాక్టరును కలిసి, ఆయన రాసిన రక్తపరీక్షల చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. దిగేటప్పుడు రేణుక భార్గవిని ఒక్క నిమిషం ఆపి, అతను రాకపోయినా ఆమె తన కోసం తను రావచ్చని, ఇంట్లోవాళ్ళకు వేరే సిట్టింగులుంటాయని, ఇంట్లో కొట్టడం దాకా వస్తే ఆగకుండా ఫోన్ చేయమని చెప్పింది. నిజం చెప్పి మంచి పని చేశారంది. ఆ మంచి ఎక్కడుందో భార్గవికి కనబడలేదు.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర యశ్వంత్ కంచం ఆమె వైపు తోశాడు.

"నువ్వు తిను ముందు."

పప్పన్నం ఒక ముద్ద తింది. కూర తింది. మజ్జిగ గ్లాసు కూడా ఆమె వైపే జరిపాడు. తాగింది. పదినిమిషాలు ఫోన్ చూసుకుంటూ కూర్చుని, అప్పుడు తిన్నాడు. ఆ రోజు నుంచి అదే వరస. టీ ఇస్తే ఆమె ముందు గుక్క తాగాలి, దోసె వేస్తే అంచు తుంచి నోట్లో పెట్టుకోవాలి. పాప అది ఆట అనుకుని, తన పాల గ్లాసు కూడా అమ్మ నోటికి అందించేది. యశ్వంత్ పాపను వారించలేదు. భార్గవి అన్నీ మింగింది. మింగితే మింగాను, తాగకుండా ఉన్నాడు కదా అనుకుంది.

నిజంగానే తాగలేదు. వేళకు ఇంటికొచ్చాడు, పాపకు లెక్కలు చెప్పాడు, పరీక్షలు చేయించుకుంటే లివరు కొద్దిగా చెడిందని తప్ప ఇంకేమీ రాలేదు. శనివారం మాత్రం మీటింగుందని కౌన్సెలింగుకు వెళ్ళలేదు. రేణుక అతనికి రెండుసార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు. వెంకటలక్ష్మి మాత్రం ఊళ్ళో అందరికీ ఫోన్లు చేసి, హైదరాబాదులో పెద్ద మేడమ్ దగ్గర ఒక్క సిట్టింగుతో కొడుకు బాగుపడ్డాడని చెప్పుకుంది. భార్గవికి ఆ మాటలు వింటే ఏడుపొచ్చేది, వాటిని నమ్మాలనీ ఉండేది. తన కోసం తను వెళ్ళాలని రెండుసార్లు అనుకుంది. బాగున్న ఇంటికి అపశకునం ఎందుకని ఊరుకుంది.

పదిహేనో రోజు సాయంత్రం ఆరున్నరకు యశ్వంత్ బయటి నుంచి ఇంటికొచ్చాడు. చేతిలో గోధుమరంగు కాగితం సంచీ. డైనింగ్ టేబుల్ మీద పెట్టి, సీసా తీసి, అందరూ చూస్తుండగానే సీలు విప్పాడు. గ్లాసు తనే కడుక్కున్నాడు, నీళ్ళు కూడా కొత్త సీసాలోవే పోసుకున్నాడు. పాప లోపల బొమ్మలు వేసుకుంటోంది. వెంకటలక్ష్మి సోఫాలో కూర్చుని టీవీ గొంతు తగ్గించింది.

"వద్దండీ" అంది భార్గవి. "నా మీద కోపం ఉంటే నన్ను ఇంకేదన్నా చేయండి. రేణుక గారి దగ్గరికి పోదాం. మీరొక్కరే పోండి, నేను రాను, మెట్లు కూడా ఎక్కను."

అతను గ్లాసు ఆమె వైపు జరిపాడు. "నువ్వు తాగు ముందు."

ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక సీసా వైపు చెయ్యి చూపింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ వాసన ముక్కుకు తగిలితేనే కొంగు అడ్డం పెట్టుకున్న మనిషి ఆమె. "సీలు మీరే విప్పారు. నీళ్ళు మీరే పోసుకున్నారు. నేను ముట్టనన్నా లేదు."

"తెలుసు" అన్నాడు యశ్వంత్. గొంతులో కోపం లేదు. "అయినా తాగు."

ఆమె అత్త వైపు చూసింది. ఎందుకు చూసిందో దేవుడికే తెలియాలి.

"ఒక గుక్కే కదమ్మే" అంది వెంకటలక్ష్మి టీవీ వైపే చూస్తూ. "వానికి నమ్మకం రావల్ల కదా."

భార్గవి గ్లాసు అందుకుని ఒక గుక్క తాగింది. గొంతు నుంచి కడుపు దాకా మండుకుంటూ పోయింది. యశ్వంత్ గోడ గడియారం చూసి, పదినిమిషాలు ఆగి, ఆమెకేమీ కాలేదని నిదానంగా చూసుకుని, మిగతాది తాగాడు.